జైసింగ్ అడిగిన కొలత

మొగుళ్లపల్లి అవతల ఐదు ఊళ్లకూ మూడు తండాలకూ కలిపి ఒకటే పశువుల దవాఖాన. దవాఖాన అంటే పెద్ద మాటే. రెండు గదులు, ఒక అల్మారా, వాకిట్లో బర్రెను నిలబెట్టే కర్రల బోను. దాన్నంతా నడిపేవాడు పశువైద్య సహాయకుడు జైసింగ్. వాళ్ల తండాలో సర్కారు కొలువు దొరికిన మొదటి మనిషి. నిలువు ఆరడుగులు, నోట్లోంచి వచ్చే మాట అరంగుళం.

ఎనభై రెండో సంవత్సరం జూన్‌లో అతనికొక కవరు వచ్చింది. ఏడాదికోసారి పెద్ద డాక్టరు రాసే రిపోర్టు అది. "పని తృప్తికరంగా లేదు. చొరవ తక్కువ. మెరుగుపడవలెను." కింద ఇంకో ముక్క: ప్రొబేషన్ వచ్చే మార్చి దాకా పొడిగించడమైనది, అప్పటికీ ఇదే తీరు ఉంటే కొలువు ఉండదు.

ఇంట్లో భార్య రుక్కి అడిగింది, "ఏం రాసిన్రు?"

"పని మంచిగ చెయ్యాల్నట."

"ఏ పని?"

"గది రాయలే."

రాసినవాడికి మూడు వాక్యాలతో తీరిపోయింది. చదివినవాడికి తొమ్మిది నెలలు నిద్ర కరువు. జైసింగ్ తనకు తోచిన అర్థం తీసుకున్నాడు. తృప్తిగా లేదంటే తక్కువ చేస్తున్నానని కాబోలు అనుకున్నాడు. ఎదకు వచ్చిన బర్రెలకు సూదితో గర్భం కట్టించడమే అక్కడ ముఖ్యమైన పని. నెలకు పది పన్నెండు చేసేవాడు కాస్తా ఇరవై దాటించాడు. సైకిలు మీద ఊరూరా తిరిగి, అంగడి రోజున బారులు కట్టించి మరీ వేశాడు. రిజిస్టరు నిండుతుంటే కొలువు నిలబడుతున్నట్టే అనిపించింది పాపం.

అక్టోబరులో పెద్ద డాక్టరు భూపాల్ తనిఖీకి వచ్చాడు. భూములున్న ఇంటి మనిషి, చదువులో గట్టివాడు, ముక్కు మీద కోపం. జైసింగ్ రిజిస్టరు ముందు పెట్టాడు. డాక్టరు దాన్ని తెరవకుండానే చొక్కా చేతులు మడిచాడు. "జూన్, జులైల చేసినయి పది బర్రెలు పట్టుకరా. మూడు నెలలైతే చేతికి తెలుస్తది."

పదింటినీ చూసి, ఏది ఏమిటో పైకి అనకుండా చీటీ మీద రాసుకున్నాడు. రెండే సూడివి, కడుపుతో ఉన్నవి.

"గిదేం పనయ్యా!" అన్న ఒక్క మాటకే జైసింగ్ మొహం మాడిపోయింది. కనకలక్ష్మి అనే రైతు అక్కడే ఉంది. ఆమెది ఒక్కటే బర్రె, ఇల్లు దాని పాల మీదే గడిచేది. "నాదానికి మూడుసార్లు ఏసిండు సార్. మూడుసార్లూ పొర్లింది," అన్నది. కట్టక మళ్లీ ఎదకొచ్చిందని ఆ మాటకు అర్థం.

డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. సరిగ్గా అప్పుడే, ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, జైసింగ్ నోరు తెరిచాడు.

"సార్, మెరుగుపడుమని రాసిన్రు. నాకు ఏది రాదో జర చెప్పున్రి. ఎప్పటిదాంక నేర్సుకోవాలె? నేర్సుకున్ననని మీకెట్ల తెలుస్తది?"

డాక్టరుకు చిర్రెత్తింది. "అన్నీ రావు పో!"

"అన్నీ అంటే ఎట్ల నేర్సుకుంట సార్? ఒకటి చెప్పున్రి."

భూపాల్ సబ్బు పక్కన పెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ రిపోర్టు రాసిననాడు ఆయన మనసులో కూడా ఫలానా అని ఏమీ లేదు. ఊళ్లవాళ్లు సణుగుతున్నారు, ఈయన కలం కదిలించాడు. ఇప్పుడు ఆలోచించక తప్పలేదు.

"సరే, గా పది బర్రెలనే నువ్వు సూడు. సూడిదో, ఖాళీదో చీటీ మీద రాయి. నా చీటీ నా జేబుల ఉన్నది."

జైసింగ్ ఒక్కొక్కదాన్నే చూసి రాశాడు. రెండు చీటీలు పక్కపక్కన పెడితే పదింటిలో నాలుగే కలిశాయి. ఖాళీవాటిని ఐదింటిని సూడివన్నాడు, ఉన్న రెండు సూడివాటిలో ఒకదాన్ని ఖాళీ అన్నాడు.

"ఇగో, దొరికింది. నీ చేతికి గర్భసంచి తెలుస్తలేదు. అది తెల్వకుంటే ఎద తెల్వదు, సూది ఎక్కడ పడ్డదో తెల్వదు." డాక్టరు గొంతులో కోపం తగ్గింది. "రెండోది, బర్రె ఎదకొచ్చిన గంట అడుగుతున్నవా?"

"లేదు సార్. తెచ్చినప్పుడు ఏస్తున్న."

అంగడికి వస్తూ వస్తూ బర్రెను తోలుకొచ్చేవాళ్లే ఎక్కువ. కొన్నిటి ఎద మొదలయ్యీ కాకముందే, కొన్నిటిది దాటిపోయాక. పొద్దున కనిపించిన ఎదకు సాయంత్రం, సాయంత్రం కనిపించినదానికి మర్నాడు పొద్దున వెయ్యాలన్నది చదువులో ఉంది. జైసింగ్ దాన్ని పరీక్షలో రాసి పాసయ్యాడు కూడా. అంగడిలో జనం అరుస్తుంటే గుర్తు రాలేదు, అంతే.

ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాసుకున్నారు. నెలకోసారి డాక్టరు వచ్చినప్పుడు పది చీటీలు. డిసెంబరుకు ఆరు కలవాలి, మార్చికి ఎనిమిది. ప్రతి సూది పక్కన ఎద కనపడ్డ గంట రాయాలి, వేళ కానిదాన్ని వెనక్కి పంపాలి. వేసిన ఇరవై ఒకటో రోజుకు ఇంటికి పోయి మళ్లీ ఎదకొచ్చిందో లేదో అడగాలి. డిసెంబరు దాకా వేసినవాటిని మార్చిలో చేత్తో చూస్తే, పదింటికి నాలుగైనా కట్టి ఉండాలి.

"వెనక్కి పంపితే లెక్క తగ్గుతది సార్."

"తగ్గని. పైన నేను చెప్పుకుంట. పంపుడే నీ చొరవ."

చెప్పినంత తేలిక కాదది. మొదటివారమే కనకలక్ష్మి ఎండలో రెండు కోసులు బర్రెను తోలుకొచ్చింది. రాత్రి అరిచిందా, పొద్దున తీగలా జిగురు వేసిందా అని జైసింగ్ అడిగి, చేత్తో చూసి, "ఎద దాటింది అక్కా. మల్ల ఇరవై దినాలకు కనిపెట్టి, కనపడ్డ పూటనే కబురు పంపు. నేనే వస్త," అన్నాడు.

"కూసోని జీతం తీస్కుంటున్నవు, సూదెయ్యనీకి నొప్పా?" అని ఆమె బజారంతా వినేలా తిట్టింది. జైసింగ్ సూది మాత్రం తియ్యలేదు. నవంబరులో ఎద ఆమె కంట పడలేదు, డిసెంబరులో కనపడగానే కబురు పంపింది. ఆ సాయంత్రమే సైకిలెక్కి వెళ్లాడు.

డిసెంబరు చీటీలు ఆరు కలిశాయి. జనవరిలో ఐదుకు పడిపోయాయి. ఆ రాత్రి రుక్కితో ఇక కూలికి పోదామన్నాడు. ఫిబ్రవరిలో ఏడయ్యాయి.

మార్చి ఆఖరివారం వచ్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వేసినవి ముప్పై ఎనిమిదే, అందులో పదిహేడు కట్టాయి. ఇక చీటీల లెక్క మిగిలింది. తొమ్మిది బర్రెలు అయ్యేసరికి రెండు తప్పాయి, ఏడు కలిశాయి. పదోది కనకలక్ష్మిది. కలవకపోతే ఏడే, అంటే కొలువు పోయినట్టే.

ఆమె బోనుకు చెయ్యి ఆనించి నిలబడింది. "కట్టింది గద తమ్మీ? మల్ల ఎదకు రాలే." వేళకు వేసిన సూది, తన చేతి సూది. సూడి అని రాయాలని ప్రాణం లాగింది. జైసింగ్ చాలాసేపు తడిమి చూశాడు. గర్భసంచి కొమ్ములు రెండూ ఒకటే లావు, కట్టి ఉంటే ఒకటి ఉబ్బి ఉండేది. దేవుణ్ణి తిట్టుకుంటూ "ఖాళీ" అని రాసి మడిచి ఇచ్చాడు.

డాక్టరు కూడా బర్రెను చూసి, చెయ్యి కడుక్కుని తన చీటీ రాసి, రెండూ విప్పాడు. "ఖాళీ."

ఎనిమిది కలిశాయి. కొలువు నిలిచింది. కనకలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుంది, జైసింగ్‌కు సంతోషించడానికి మొహం చెల్లలేదు. "కండ్లకు కనపడని ఎద వచ్చిపోయి ఉంటది అక్కా. ఇగ రోజు పొద్దుమాపు నేనే వచ్చి చూస్త," అన్నాడు. ఈసారి ఆమె తిట్టలేదు.

సాయంత్రం డాక్టరు రిపోర్టు రాశాడు. తృప్తికరం అన్న మాట లేదు. గర్భ పరీక్షలో పదింటికి ఎనిమిది సరి, ముప్పై ఎనిమిది సూదులకు పదిహేడు సూడి, వచ్చే ఏటికి పదింటికి తొమ్మిది రావాలి అని రాశాడు. కలం మూత పెట్టాడు.

"నాకూ ఒక కాగితం వచ్చింది జైసింగ్. నాలుగేండ్లయింది. 'నాయకత్వం చాలదు' అని. బీరువాల పడేసిన."

"మీరు అడగలేదా సార్, ఏది చాలదని?"

"నీకు నౌకరి పోతదని భయం, అడిగినవు. నాది పోయేది కాదు. అందుకే అడగలే."

ఆయన జీపు ఎక్కేముందు జైసింగ్ నీళ్లు పోస్తే మళ్లీ చేతులు కడుక్కుని, "గా కాగితం బయటికి తీసి, ఏది చాలదో అడుగుత," అన్నాడు.