గాజు వీపు

గుడియాత్తం బస్టాండు వెనక వీధిలో దినకర్‌ది ఫోన్లు బాగుచేసే దుకాణం. నేతగాళ్ల ఇంట్లో పుట్టాడు గానీ మగ్గం గుంటలోకి ఏనాడూ దిగలేదు. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త సరసమ్మ పెంచింది. పడుగు దారం తెగితే అతకడం వాడికి ఎంత నేర్పినా రాలేదు. "దారం నీ చేతికి లొంగదురా నాయనా, తీగలు పట్టుకో పో" అని ఆమే వేలూరులో ఒక మెకానిక్ దగ్గర పనికి చేర్చింది. అది ఇరవై ఏళ్ల కిందటి మాట.

ఇన్నేళ్లలో వేల ఫోన్లు విప్పాడు దినకర్. వెనక భాగం తడిమి చూస్తే చాలు, ఏ ఫోను ఎట్లా చస్తుందో చెప్పేవాడు. ఆలంగాయం దారిలో సరుకుల వ్యాను నడిపే అప్పాసామికి లోహపు ఒళ్లున్న పాత ఫోను ఒకటి ఉండేది. పదిసార్లు కిందపడినా పగల్లేదని ఊరంతా చెప్పుకునేవాడు. చివరికొక రోజు తెర అంచున నల్ల మరక పాకిందని తెచ్చాడు.

"ఇనప ముక్కప్పా ఇది. దీనికేమొచ్చింది?"

"ఇనుము కాదన్నా, అల్యూమినియం. పగలదు, సొట్ట పడతాది. సొట్ట పడిన మూల లోపలికొచ్చి తెరను నొక్కతా ఉండాది, చూడు."

"మజ్జాన్నం వ్యాను అద్దం కాడ పెడితే చెయ్యి కాలతాది, దానికేమంటావు?"

"లోహం వేడిని దాచుకోదు. లోపలిది బయటికి తొందరగా పంపిస్తాది, బయట ఎండ ఉంటే అదీ లోపలికి తెస్తాది. నీడన పెట్టుకో."

ఇట్లా ఎవరొచ్చినా ఓపిగ్గా చెప్పేవాడు. చెప్పవలసిన చోట ఒక్కసారి మాత్రం గట్టిగా చెప్పలేకపోయాడు.

సరసమ్మ కూతురు సురేఖ వేలూరులో చీరల దుకాణంలో పని చేస్తూ బాగాయంలో అద్దె ఇంట్లో ఉంటుంది. తల్లి ముఖం రోజూ చూస్తూ మాట్లాడాలని ఆమె కోరిక. ఒక ఆదివారం తల్లిని వెంటబెట్టుకుని దినకర్ దుకాణానికి వచ్చింది.

"బావా, అమ్మకు మంచి ఫోను చూపించు."

దినకర్ రెండు ఫోన్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి ప్లాస్టిక్ వీపుది, బూడిద రంగు. రెండోది ముందూ వెనకా గాజు, నెమలి మెడ రంగు. అతని మనసులో ఎంపిక అప్పటికే అయిపోయింది. సరసమ్మకు పదిహేనేళ్లుగా చక్కెర జబ్బు. మొదట అరికాళ్లు మంటెత్తేవి, తర్వాత మొద్దుబారాయి. ఈమధ్య వేళ్ల కొసలకు కూడా స్పర్శ తగ్గిందని ఆమే అన్నది. పట్టు తెలియని చేతికి బరువైన, జారే వస్తువు ఇవ్వకూడదు.

"ఇది తీసుకోత్తా" అంటూ బూడిద రంగుది ముందుకు జరిపాడు. "తేలిగ్గా ఉండాది. కిందపడితే కాస్త వంగి దెబ్బను తాను మింగుతాది. గీతలు పడతాయి, అంతే. గాజుకు గీతలు పడవు గానీ కిందపడితే పగలతాది. బరువు గూడా."

సురేఖ ఆ ఫోనును అటూ ఇటూ తిప్పింది. "ఏంది బావా, సోపు డబ్బా మాదిరి ఉండాది. అమ్మ జన్మకొక్క మంచి వస్తువు ముట్టుకోకూడదా?"

అప్పటికే సరసమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని గాజు ఫోను అందుకున్నది. దాని వీపు చెంపకు ఆనించుకుంది. "చల్లగా ఉండాది నాయనా" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక దినకర్ బూడిద రంగుదాన్ని పక్కకు తీసేశాడు. గాజు ఫోనుకు మెత్తటి రబ్బరు పౌచ్ ఒకటి తొడిగి, "ఇది మాత్రం తీయొద్దత్తా" అన్నాడు. అంతటితో తన బాధ్యత తీరిందనుకున్నాడు.

చిత్తిర నెల ఎండలు వచ్చాయి. సరసమ్మ మగ్గం ఉన్న పెరటి వసారాకు రేకుల కప్పు. మధ్యాహ్నం భోజనం వేళ సురేఖ వీడియోలో పిలుస్తుంది. పది నిమిషాలు మాట్లాడేసరికి తెర మసకబడిపోయేది. సరసమ్మ దినకర్‌కు ఫోను చేసింది.

"బొమ్మ తెలీడం లేదప్పా. పిల్ల ముఖం చీకట్లో ఉన్నట్టుండాది."

దినకర్ ఏదో ఫోను విప్పుతూ, చెవికీ భుజానికీ మధ్య తన ఫోను నొక్కిపట్టి జవాబిచ్చాడు. "వేడెక్కిందత్తా, అందుకే వెలుగు తగ్గించుకుంటాది. పౌచ్ వేడిని బయటికి పోనీదు. తీసి మాట్లాడు, చల్లారతాది."

ఆ మాట తప్పు కాదు. చల్లారాక మళ్లీ తొడగమని చెప్పకపోవడమే తప్పు. సరసమ్మ పౌచ్ తీసింది, మళ్లీ తొడగలేదు. కొన్నాళ్లకు అది ఎక్కడ పడిందో ఆమెకే తెలియదు.

ఆమె ఫోనును ఎప్పుడూ మగ్గం అడ్డకర్ర మీద పెట్టేది. పేకను బిగించే పలక కొట్టినప్పుడల్లా మగ్గం అదురుతుంది. రబ్బరు ఉన్నన్నాళ్లూ ఫోను ఉన్నచోటే ఉండేది. నున్నటి గాజు ఒక్కో దెబ్బకు వెంట్రుకవాసి జరుగుతూ జరుగుతూ ఒక రోజు అంచు దాటి రాతినేల మీద పడింది. తెరకు ఏమీ కాలేదు. వెనక మాత్రం ఒక మూల నుంచి సాలెగూడులాగా పగుళ్లు పాకాయి.

ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని దుకాణానికి తెచ్చింది. "మాటలు బాగానే వినబడతా ఉండాయి. పైన ఏదన్నా అతికించప్పా, చాలు."

ఆ రంగు గాజు పలక దినకర్ దగ్గర లేదు. చెన్నై నుంచి తెప్పించాలి. పౌచ్ కోసం వెతికాడు, ఆ కొలతది కూడా అయిపోయింది. అప్పటికి వెడల్పాటి పారదర్శకమైన టేపు తీసి పగుళ్ల మీద నున్నగా అతికించాడు.

"గురువారం రాత్తా. కొత్తది వేస్తాను."

గురువారానికి వచ్చిన పలక వేరే రంగుది. తిప్పి పంపాడు. రెండోసారి వచ్చేసరికి సరసమ్మకు లుంగీల పని ముంచుకొచ్చింది, ఆమె రాలేదు. దుకాణం నిండా జనం, అతనికీ తీరలేదు. ఇట్లా ఇరవై రోజులు గడిచాయి. చెమట తగిలి, గంజి పట్టిన దారాల నూగు అంటుకుని, ఎండకు జిగురు కరిగి ఆ టేపు అంచులు ముడుచుకుపోయిన సంగతి దుకాణంలో కూర్చున్న అతనికి తెలియదు.

ఒక మంగళవారం పొద్దున పలకనూ, జిగురు మెత్తబరిచే వేడిగాలి యంత్రాన్నీ సంచిలో వేసుకుని తానే అత్త ఇంటికి వెళ్లాడు. లోపల మగ్గం చప్పుడు వినబడుతోంది. ఫోను గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద ఉంది. దినకర్ దాన్ని తిప్పి చూశాడు. పట్టుకున్నప్పుడు చూపుడు వేలు ఆనే చోట టేపు లేచిపోయి ఉంది. అక్కడ పగుళ్ల మధ్య బియ్యపుగింజ పొడవున ఒక పెంకు లేదు. ఆ ఖాళీ చుట్టూ గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది.

ఫోను అక్కడే వదిలి వసారాలోకి పరుగెత్తాడు.

సరసమ్మ గుంటలో కూర్చుని ఎర్ర పేకతో లుంగీ నేస్తోంది.

"అత్తా, చెయ్యి చూపించు."

"ఏందప్పా, వచ్చీ రాంగానే. ఉండు, ఈ దారం అతికినాక."

"చూపించమంటే!"

కుడి చూపుడు వేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. విప్పగానే వాసన కొట్టింది. వేలు వంకాయలా ఉబ్బి, కొస నల్లబడి ఉంది.

"నాడె తగిలుంటాది. నొప్పి లేదులే నాయనా" అన్నది సరసమ్మ, పేక దారం మోసే ఆ కొయ్యముక్క వైపు చూస్తూ.

నొప్పి లేకపోవడమే అతన్ని భయపెట్టింది. మగ్గం మీది గుడ్డను వెలుగుకు పట్టి చూశాడు. జానెడు జానెడు దూరాన తడి ఆరిన మచ్చలు. ఎర్ర నూలు మీద ఎర్ర నెత్తురు. నేసిన ఆమె కంటికే ఆనలేదు.

ఆ గంటలోనే ఆటో పిలిచి వేలూరు ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. ఎక్స్‌రేలో వేలి ఎముక పక్కన సన్నటి తెల్లగీత కనిపించింది. డాక్టరు దాన్ని పెన్సిల్‌తో చూపించి, అరవంలో నెమ్మదిగా చెప్పింది. గాజు పెంకు ఎముక దాకా దిగింది. చక్కెర ఎక్కువగా ఉంది. చీము ఎముకకు పట్టింది. వేలు నిలవదు, ఆలస్యం చేస్తే చెయ్యి కూడా నిలవకపోవచ్చు.

మరునాడు రెండు కణుపుల వరకు తీసేశారు.

సురేఖ పని మధ్యలో పరుగెత్తుకొచ్చి వరండాలో దినకర్ పక్కన కూలబడింది. "ఎట్లయ్యింది బావా ఇది?"

దాచడానికి అతనికి మనసొప్పలేదు. అన్నీ చెప్పాడు. "గాజుది వద్దని గట్టిగా చెప్పలేకపోయినాను. పౌచ్ తీయమన్నది నేనే. పగిలినాక టేపు వేసి పంపించింది నేనే. పెంకులు రాలతాయని నాకు తెలుసు. రోజూ చిన్న పటకారుతో ఏరే వాణ్ణి, నాకు తెలీక కాదు సురేఖా."

"సోపు డబ్బా అన్నది నేను గదా" అన్నది సురేఖ. సరసమ్మ ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ ఒకరు వస్తే ఒకరు లేచి వెళ్లేవారు.

పుండు మానాక సరసమ్మ ఎవరికీ చెప్పకుండా మగ్గంలో కూర్చుంది. ఆ పూట దినకర్ అక్కడే ఉన్నాడు. నాడె బాగానే ఆడింది. నాలుగు అంగుళాలు నేసేసరికి పడుగు దారం ఒకటి తెగింది. బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఆ రెండు కొసలు పట్టుకోబోయింది. నడిమి వేలు కూడా మొద్దుబారినదే. దారం వేళ్ల మధ్య ఉందో లేదో ఆమెకు తెలియడం లేదు. పట్టుకున్నాననుకుని మెలిపెడితే ఉత్త వేళ్లే రాసుకున్నాయి. పది నిమిషాలు ప్రయత్నించింది. దినకర్ వంగి తాను అతకబోయాడు. అతని చేతిలో దారం ఎప్పటిలాగే చిక్కుపడింది.

"వదిలెయ్యి" అన్నదామె. నలభై ఏళ్లు కూర్చున్న గుంటలోంచి చేతులు నేలకు ఆనించి లేచింది. నెల తిరగకముందే ఆ మగ్గాన్ని పక్కింటి రాజాంబాళ్ తన ఇంట్లో వేసుకుంది. సరసమ్మ ఇప్పుడు ఆమెకే రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇస్తుంది.

దినకర్ దుకాణంలో పగిలిన గాజుకు టేపు వేయడం మానేశాడు. పలక మార్చేదాకా పౌచ్ ఊరికే ఇస్తాడు, కొలత దొరక్కపోతే ఫోను తిరిగి ఇవ్వడు. జనం తిట్టుకుంటూ ఎదుటి దుకాణానికి పోతారు. ఆ దుకాణంలో టేపు వేసి పంపిస్తారు.

అత్తకు అతను ప్లాస్టిక్ ఫోను కొనిచ్చాడు. రెండుసార్లు పడింది, మూల గీరుకుపోయింది, పని చేస్తూనే ఉంది. పొద్దునా సాయంత్రం వెళ్లి ఆమె వేళ్లన్నీ ఒక్కొక్కటే వెలుగులో చూసి వచ్చేవాడు. కొన్నాళ్లు సరసమ్మ ఓర్చుకుంది. ఒక సాయంత్రం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"రోజూ రావద్దు నాయనా" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. "నువ్వు రానప్పుడు మరిచిపోయి ఉంటాను. నువ్వొస్తే లేని వేలు సలుపుతాది."

ఆ తర్వాత దినకర్ వారానికొకసారి వెళుతున్నాడు. గుమ్మంలోనే నిలబడి, రాట్నం తిరుగుతుంటే చూసి, తిన్నావా అని అడిగి వచ్చేస్తాడు.