గొంతు చూడని డాక్టరమ్మ

ఆఖరి ఏడాది పరీక్షలో నన్ను ఫెయిల్ చేసింది ఒక్క మాట. "నాలుగేళ్ళ పిల్ల. ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, మింగలేక చొంగ కారుస్తోంది, ముందుకు వంగి కూర్చుంది. ఏం చేస్తావు?" అన్నారు ఎగ్జామినరు గారు. "గొంతు చూస్తానండి" అన్నాను. "చూసేవు. పిల్ల పోయింది. ఇక వెళ్ళు" అన్నారు.

ఆరు నెలలు ఇంట్లో కూర్చుని కారణం కంఠతా పట్టాను. నాలుక వెనక, గాలి గొట్టం మీదుండే మూత వాచి ఉంటుంది. నాలుక నొక్కే పుల్ల తగిలినా, పిల్ల బెదిరి ఏడ్చినా, మిగిలిన ఆ కాస్త సందూ మూసుకుపోవచ్చు. రెండోసారి పాసయ్యాను.

ఎనభైల మొదట్లో అమలాపురంలో ఉద్యోగం. టార్చి వేసి 'ఆ' అనిపించకపోతే మావాళ్ళకి వైద్యం జరిగినట్టు కాదు. ఐనవిల్లి నుంచి కాలు బెణికి వచ్చినాయన కూడా ముందు నోరు తెరిచాడు.

ఒక వానాకాలం ఉదయం ఆయాసంతో ముగ్గురు పిల్లలొచ్చారు. మొదటివాడికి ఐదు నెలలు. జలుబు ముదిరి ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలకి పాకింది. ఛాతీలో పిల్లికూతలు, డొక్కలెగరేస్తున్నాడు, పాలు తాగలేడు. బ్రాంకియోలైటిస్. ఆక్సిజన్ పెట్టించాను. రెండోవాడికి ఏడాదిన్నర. రెండు రోజుల జలుబు, బొంగురు గొంతు, కుక్క మొరిగినట్టు దగ్గు, గాలి పీల్చినప్పుడు కూత. స్వరపేటిక దగ్గర వాపు, క్రూప్. ఏడిపించకుండా కనిపెట్టి ఉండమన్నాను.

మూడోది మలికిపురం పిల్ల, నాలుగేళ్ళది. పొద్దున లేచేదాకా బానే ఉందట. ఒళ్ళు కాలిపోతోంది, దగ్గు లేదు, మాట ముద్దగా వస్తోంది. తల్లి ఒళ్ళో గడ్డం ముందుకి చాచి చొంగ కారుస్తోంది. ఆ మూత వాచే జబ్బే, ఎపిగ్లాటైటిస్. నాకు భయం వెయ్యాలి. సంతోషం వేసింది. నా ఆరు నెలల చదువు వచ్చి ఎదురుగా కూర్చుంది.

సిస్టరు టార్చీ, నాలుక పుల్లా పెట్టి తెచ్చిన ట్రేని వెనక్కి పంపాను. సూది వద్దన్నాను, పడుకోబెట్టవద్దన్నాను. ఆపరేషన్ థియేటరు సిద్ధం చెయ్యమన్నాను. "అలాగే ఒళ్ళో ఉంచుకోండమ్మా" అని తల్లికి చెప్పి, సర్జన్ గారికీ మత్తు డాక్టరు గారికీ ఫోన్ చెయ్యడానికి పక్కగదిలోకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ చేతిలో చెంచా ఉంది. "ఆ అనమ్మా, డాక్టరమ్మగారు చూడాలి కదా" అంటోంది. పిల్ల ఏడ్చింది. అంతలో ఏడుపు ఆగిపోయింది. పెదాలు నీలంగా మారాయి.

పిల్లని ఎత్తుకుని థియేటరుకి పరిగెత్తాను. ఫోన్ అందగానే ఇద్దరూ అక్కడికి చేరుకున్నారు. మత్తు డాక్టరు గారు మాస్కు బిగించి, బ్యాగు నొక్కుతూ ఆక్సిజన్ పంపుతుంటే, సర్జన్ గారు మెడ దగ్గర కోసి గొట్టం పెట్టారు. పిల్ల రంగు తిరిగింది.

వారం తర్వాత గొట్టం తీశారు. ఇంటికెళ్ళే రోజు ఆ తల్లి నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "నేనే చంపుకునేదాన్నండీ. మీరు గొంతు చూడకుండా వెళ్ళిపోతే, పిల్ల నోరు తెరవదని మీకు కోపమొచ్చిందేమో అనుకున్నానండీ."

"చూడకూడదమ్మా. చూస్తే ఊపిరాగిపోతుంది" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది. "ఆయ్. ఆ ముక్క ఆవేళ చెప్తే ఆగేదాన్నండీ."