శుభలేఖ లేని సెలవు

కడియంలోని ఓ నర్సరీ ఆఫీసులో లెక్కలు రాస్తాను. నలభై దాటాక సెలవు కోసం అర్జీ పెట్టి, కారణం దగ్గర ‘మా ఇంట్లో పెళ్లి’ అని రాశాను. పెళ్లి నాదే. రెండోది. బరంపురంలో, చేసుకోబోయే ఆయన ఊళ్లో. రైలు ప్రయాణానికి వెళ్లేటప్పుడొక రోజు, వచ్చేటప్పుడొక రోజు కలుపుకుని, సోమవారం తప్పకుండా డ్యూటీలో చేరతానని గట్టిగానే రాశాను. నా ధైర్యమంతా తేదీల దగ్గరే.

మేనేజరు గారు చదివి కళ్లజోడు తీశారు.

"బంధువుల పెళ్లికి ఇన్ని రోజులు ఇవ్వరండి. సొంత పెళ్లికైతేనే వారం ఇస్తారు. ఎవరిదండీ పెళ్లి?"

పక్క టేబుళ్ల దగ్గర కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. నా చెంపలు వేడెక్కాయి.

"నాదేనండి" అన్నాను, నేలకేసి చూస్తూ.

"మరి అలాగే రాయాలి కదండీ. మార్చి రాసి, శుభలేఖ ఒకటి జత చేయండి."

"కొట్టించలేదండి. ఎవర్నీ పిలవట్లేదు."

మార్చి రాసిచ్చాను. శుభలేఖ మాట మళ్లీ ఎత్తకుండా ఆయన సంతకం పెట్టారు. కాగితం తిరిగిస్తూ మెల్లగా అడిగారు.

"మమ్మల్ని కూడా పిలవరాండి?"

మా ఆయన పోయిన రోజు, పాడె మోసిన నలుగురిలో ఈయనొకరు.