ఎవరిని ఓడించిందో రాయని ఫోటో

మా వాడికి బడిలో వచ్చిన షీల్డుకు ఇంకా వార్నిష్ వాసన పోలేదు. మా ఆయన అప్పుడే దాని ఫోటో తీసి, కింద ‘పక్కింటి డాక్టరు కొడుకును కూడా వెనక్కి నెట్టిన మా హీరో’ అని టైపు చేసి, “బంధువులందరికీ పంపుతాండా, సూడు” అన్నాడు. నా ఒళ్ళు మండింది. పులివెందులలో ఇంట్లో కూర్చున్న నన్ను ఆ వాసనా ఆ వాక్యమూ కలిసి ప్రొద్దుటూరులోని దానమయ్య సారు ఫోటో స్టూడియోకి లాక్కుపోయాయి.

పెళ్ళికి ముందు, ఫ్రేముల వార్నిష్ వాసన మధ్య, అక్కడ ఫోటో కింది అట్టమీద తెల్లరంగుతో అక్షరాలు రాయడం నా పని. పార్టీల పేరుతో ఊళ్ళు రెండుగా చీలి, టీ కొట్లు కూడా ఎవరివి వాళ్ళకు వేరైన రోజులవి. సారు ఆదివారం చర్చిలో అందరికంటే నెమ్మదస్తుడు. స్టూడియోలో మాత్రం, ఫోటో కింద మాట నచ్చకపోతే అట్ట చించి నా చేతిలో పెట్టేవాడు. ఆయనతో వేగలేక ఏడ్చిన రోజులున్నాయి.

ఒకరోజు జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి సుబ్బన్న అనే రైతు వచ్చాడు. కూతురు లక్ష్మికి బడిలో ఉపన్యాసం పోటీలో మొదటి బహుమతి వచ్చింది. కప్పు పట్టుకున్న ఆ పిల్ల ఫోటో పెద్దది చేయించి, వీధికి కనపడేలా మా అద్దాల బీరువాలో వారం రోజులు పెట్టాలట.

“రాయమ్మా, ‘ఓబులేసు కూతురికి మట్టి కరిపించిన నా బిడ్డ’ అని” అన్నాడు మీసం దువ్వుతూ. ఓబులేసుది అదే ఊరు, అవతలి పార్టీ.

నేను కుంచె ముంచేలోగా సారు లాక్కున్నాడు. “ఏందప్పా ఇది? మీ కొట్లాటలోకి పసిబిడ్డల్ని ఎందుకు లాగుతావు?”

“నా బిడ్డ గెలిచింది, రాపించుకుంటాండా. నీకేంది నొప్పి?”

“గెలిచింది, సరే. ఏం జేసి గెలిచింది? అది జెప్పు, రాపిస్తా.”

“ఏందో మాట్లాడింది లే” అన్నాడు సుబ్బన్న. సారు తల బాదుకున్నాడు. “పోయి ఆ బిడ్డనే పిల్చకరా పో!”

మర్నాడు లక్ష్మి వచ్చింది. తండ్రి రాయించబోయిన మాట వినగానే ఏడుపు లంకించుకుంది. “నాయనా, అట్ల రాపిస్తే రమణి నా పక్కన కూసోదు. నేను ఇంగ బడికే పోను!” రమణి అంటే ఓబులేసు కూతురే. ఇద్దరిదీ ఒకే బెంచీ.

సారు మంచినీళ్ళిచ్చి మెల్లగా అడిగాడు. తాగునీళ్ళ గురించి మాట్లాడిందట. రోజూ బర్రెల ముందు నిలబడి గట్టిగా చెప్పుకునేదట. వేదిక మీద మధ్యలో మరిచిపోయి, కాసేపు ఆగి, మళ్ళీ అందుకుందట.

“నువ్వు ఆడనే ఉంటివి గదప్పా, వినలేదా?”

సుబ్బన్న తల దించుకున్నాడు. “నేను ఓబులేసు మొగమే సూస్తాంటి సారూ.”

“ఇప్పుడన్నా బిడ్డ మొగం సూడు” అని సారు కసిరి, ఆ పిల్లచేత మొత్తం మళ్ళీ చెప్పించాడు. అయిపోయేసరికి సుబ్బన్న తువ్వాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు.

అప్పుడు రాశాను: ‘మా లక్ష్మి తాగునీళ్ళ గురించి మాట్లాడింది. మధ్యలో మరిచినా వదిలిపెట్టలేదు. విని శానా సంతోషపడినా. – నాయన.’ ఆ వారంలోనే లక్ష్మి రమణిని చేయిపట్టుకుని తెచ్చి, అద్దం ముందు నిలబెట్టి చదివించింది. నేను రాసిన ఆ అట్టను మాత్రం సారు చించలేదు.

మా ఆయన ఫోను చేతిలో పట్టుకుని, నేనేమంటానో అని ఇంకా ఎదురుచూస్తున్నాడు. “వాడు ఏం జేస్తే ఇచ్చినారు ఈ షీల్డు?” అని అడిగాను.

“ఏందో సైన్సు బొమ్మ జేసినాడు లే.”

“ఏం బొమ్మ?”

ఆయన షీల్డు తిప్పి, దాని మీద రాసుందేమోనని చూశాడు. నేను ఫోను లాక్కుని ఆ వాక్యం చెరిపేశాను. “పోయి వాణ్ణే అడుగు పో” అన్నాను, అచ్చం దానమయ్య సారులాగే కసురుతూ. ఆయన లేచి వెళ్ళాడు. ఇప్పుడు లోపలి గదిలోంచి మా వాడి గొంతు వినిపిస్తోంది. చెప్పడానికి వాడి దగ్గర చాలా ఉంది.