జ్వరం రాదని చెప్పాను

హంసలదీవి పక్క పల్లెలో తట్టు చెలరేగి ఒక పసిబిడ్డ పోయింది. తల్లి మూఢనమ్మకంతో టీకా వద్దందని మా ఆసుపత్రిలో అందరూ అనుకున్నారు. అప్పుడు అక్కడ ఆరోగ్య కార్యకర్తగా ఉన్న నేనూ తలూపాను. అది నిజం కాదు.

అది తొంభైల నాటి మాట. ఇల్లిల్లూ తిరిగి తల్లులను పిలుచుకురావడం నా పని, సూది వేయడం నర్సమ్మ పని. నా సైకిల్ కనిపిస్తే ముసలమ్మలు నవ్వేవారు. "అదుగో, పిల్లల్ని ఏడిపించేవాడొచ్చాడే."

ఆ తల్లి చల్లపల్లిలో చేపలమ్మేది. బిడ్డకు మూడు నెలలు. కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే సూదికి రమ్మన్నాను.

"జ్వరం వస్తుందా అన్నయ్యా? తెల్లారితే బుట్టెత్తుకోవాలి."

ఆ సూదికి చాలామంది పిల్లలకు ఒకటి రెండు రోజులు జ్వరం వస్తుందని నాకు తెలుసు. చెబితే వెనక్కి తిరుగుతుందని భయం.

"ఏమీ రాదమ్మా. పూచీ నాది."

మర్నాడు ఆమె బజారులో ఉండగా బిడ్డ ఒళ్లు కాలిపోయింది. తొడ వాచింది. ఇంట్లో జ్వరం మందు కూడా లేదు, నేనివ్వలేదు గనక. రెండు రోజులకు తగ్గింది గానీ, తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాకు పిలిస్తే ఆమె తలుపు దగ్గరికి వేసింది.

"నీ పూచీ చూశాంలే."

ఇంకొన్నాళ్లకు ఊళ్లో తట్టు మొదలైంది. అమ్మవారు పోసిందని గుమ్మాలకు వేపమండలు కట్టారు. ఆమె గుమ్మానికీ కట్టారు. మా డాక్టరమ్మ వేపమండ జోలికి పోలేదు. చెప్పులు బయట విడిచి లోపలికెళ్లి, బిడ్డకు విటమిన్ చుక్కలు వేసి, ఊపిరాడక డొక్కలు ఎగరేయడం చూసి, వెంటనే అవనిగడ్డ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలంది. ఆమె మారు మాట్లాడకుండా బయల్దేరింది. బిడ్డ అక్కడే పోయింది.

తరవాతి వారం డాక్టరమ్మ జబ్బు తగలని పిల్లల తల్లులను కూర్చోబెట్టింది. "ఈ టీకా వేశాక వారం పది రోజులకు కొందరికి జ్వరం వస్తుంది, ఒళ్లు పేలుతుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇప్పటికే తట్టు అంటుకుని ఉంటే ఇది ఆపలేకపోవచ్చు. వేసిన వాళ్లందరికీ పని చేస్తుందనీ చెప్పను. కానీ తట్టు వస్తే కొందరికి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అది మీరు చూశారు."

"జ్వరం వస్తే ఏం చెయ్యాలమ్మా?" అని ఒకామె అడిగింది. డాక్టరమ్మ మందు ఎలా వేయాలో చూపించింది. ఒక్కొక్కరే పిల్లలను ముందుకు తెచ్చారు. ఇద్దరు మాత్రం లేచి వెళ్లిపోయారు. డాక్టరమ్మ వాళ్లను వెనక్కి పిలిచి మందలించలేదు. రేపు మళ్లీ వస్తాను, అడగాలనుకున్నది అడగండి, అంది.

ఆ తల్లి ఖాళీ చేతులతో వెనక నిలబడి అంతా విన్నది. నేను వెళ్తుంటే దారిలో ఆపింది. కోపం లేదు గొంతులో.

"జ్వరం వస్తుందని చెప్తే ఆ రోజు బుట్ట ఎత్తేదాన్ని కాదు కదన్నయ్యా. ఇంట్లో ఉండేదాన్ని. తరవాత సూదికీ వచ్చేదాన్ని."