గోడ మీద నా ఎరుపు

మూకండపల్లి ఫ్యాక్టరీలో పని చేస్తా బ్యాంకు పరీక్షకు చదివే రోజుల్లో, మా కోచింగ్ సార్ ఎక్సెల్ షీటు పెట్టినాడు. సిలబస్‌లో ఒక్కో పాఠం పక్కన ఎవరి రంగు వాళ్లే వెయ్యాల. రానిదానికి ఎరుపు, సగం వస్తే పసుపు, బాగా వస్తే ఆకుపచ్చ. ఎరుపున్నవి ముందు పెట్టి, వచ్చే వారం ఏం చదవాలో సార్ ఒక్కొక్కరికీ కాగితం మీద రాసిచ్చేవాడు.

షీటును వారంవారం ప్రింటు తీసి గోడకు అంటించడం మొదలుపెట్టినాక, సిగ్గుకు అందరూ ఆకుపచ్చ చేసేసుకున్నారు. నేను మాత్రం శాతాల పాఠానికి ఎరుపే ఉంచినాను.

"మార్చమ్మా, కొత్తగా చేరేవాళ్లు చూస్తారు," అన్నాడు సార్.

"చూడనీండి సార్. లెక్క వచ్చిన రోజు నేనే మారుస్తా."

సోమవారం మిగతావాళ్ల కాగితాల్లో 'రివిజన్' అని ఒక్క మాటే ఉంది. నా కాగితంలో వారమంతా శాతాలే.

"దీన్నీ గోడకు అంటించండి సార్," అన్నాను.