తలగొట్టిన చెంచా

నా చేతి కాఫీకి ఎల్లారెడ్డిలో పేరుండేది. ఆ పేరు కోసం నేను చేసిన పని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మంచిదాన్ననిపించుకోవడం ఒక యావ. అది ఉన్నవాళ్ళు తప్పు ఒప్పుకోవడం కంటే చావడం నయమనుకుంటారు. నేనూ ఆ జాతిదాన్నే.

నా పుట్టిల్లు కామారెడ్డి. మా పక్కింట్లో రైల్వే ఉద్యోగి కాపురం ఉండేవాడు. వాళ్ళది మద్రాసు వైపు. ఆయన భార్యకు పొద్దున కాఫీ పడకపోతే నోరు పెగిలేది కాదు. ఆమె దగ్గరే నేను నేర్చుకున్నాను. ఆమె పద్ధతి కచ్చితంగా ఉండేది. ఒక వంతు పొడికి పదహారు వంతుల నీళ్ళు, అదీ తూకం ప్రకారం. ఇంట్లో త్రాసు ఎక్కడిది? కంసాలి దగ్గరికి వెళ్ళి ఒక్కసారి తులం పొడి తూయించింది. ఆ పొడి తన పెద్ద చెంచాతో సరిగ్గా రెండు చెంచాలయింది. పదహారు తులాల నీళ్ళు తూయిస్తే ఇత్తడి గ్లాసు మెడ కింద గీత దాకా వచ్చాయి. ఇక త్రాసుతో పని లేదు. గీత దాకా నీళ్ళు, రెండు చెంచాల పొడి. ఏ రోజు తాగినా ఒకటే రుచి.

అయితే అందులో ఒక కిటుకు ఉంది. చెంచా తలగొట్టాలి. పొడిని నొక్కకుండా ముంచి, పైన కుప్పగా నిలిచినదాన్ని కత్తి వీపుతోనో వేలితోనో అంచుకు సమంగా గీసేయాలి. గీయకపోతే చెంచాలో దాదాపు రెండింతలు పడుతుంది. నీళ్ళు మరిగాక దించి, పొడి వేసి, మూత పెట్టి, నాలుగు నిమిషాలాగి గుడ్డలో వడకట్టాలి. పిప్పి కొంత నీరు తాగేస్తుంది కాబట్టి దిగిన కాఫీని కొలవకూడదు, పోసే నీళ్ళనే కొలవాలి. నాకు పెళ్ళయినప్పుడు ఆమె అలాంటి చెంచా, అలాంటి గ్లాసు ఇచ్చి పంపింది.

ఎల్లారెడ్డిలో మా అత్తకు మొదట అది నచ్చలేదు. ‘గా నల్ల నీళ్ళేంది’ అని మూతి తిప్పింది. తర్వాత ఊరి పెద్దలు తాగి మెచ్చుకోవడం మొదలయ్యాక, మా కోడలి కాఫీ అని ఆమే చాటింపు వేసింది. అంతకు ముందు నేను ఆ ఇంట్లో పేడ ఎత్తే ఇంకో జత చేతులు మాత్రమే. కాఫీ వచ్చాక మనిషినయ్యాను.

మా వాడకట్టులోనే ఒక విధవరాలు ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది. ఇంట్లో ఆమె, కళ్ళు కనపడని తల్లి, అంతే. బిచ్కుందలో అన్న ఉన్నాడు గాని వదిన నోటికి భయపడి వెళ్ళేది కాదు. నిజాంసాగర్ కాలువల మీద పనిచేసే ఇంజనీరు ఒకాయన మా ఊరి బంగళాలో మకాం పెట్టాడు. ఆయన భార్య కామారెడ్డిలో ఉండి నెలకొకసారి వచ్చేది. బంగళాలో వంటకు మనిషి కావాలన్నారు. కూడూ జీతమూ దొరుకుతాయి, తల్లిని వదలక్కర్లేదు. షరతు ఒకటే, కాఫీ పెట్టడం రావాలి. ఆమె నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

కాదనలేను. కాని కడుపులో మంట. ఈమె కూడా పెడితే ఇక నా ఇంటి గడప ఎవరు తొక్కుతారు? ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి అన్నీ చూపించాను. గీత చూపించాను, నీళ్ళు దించడం చూపించాను, మూత పెట్టి ఆగడం చూపించాను. పొడి ముంచేటప్పుడు మాత్రం వీపు తిప్పి, వేలితో తలగొట్టి, ‘గిలాసకు రెండు చెంచలు అక్కా’ అన్నాను. ఆమె ఎలా ముంచుతుందో నాకు తెలియదా? మా దిక్కు అతిథికి పెట్టేది ఏదైనా తలగొట్టి పెడితే పీనాసి ఇల్లంటారు. గింజలైనా పిండైనా కొలత మీద కుప్ప నిలవాల్సిందే. ఆమె అసలే ధారాళమైన చెయ్యి. కాఫీ చేదెక్కుతుంది, ఇంజనీరు దొర మొహం చిట్లిస్తాడు, నా పేరు నాకే ఉంటుందనుకున్నాను. అంతకు మించి నేను కోరలేదు. కాని అంత మాత్రం కోరాను.

దొర మొహం చిట్లించలేదు. ఆయనకు చిక్కటి కాఫీ అంటే ప్రాణమట. మెచ్చుకున్నాడని ఆమే వచ్చి సంబరంగా చెప్పింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

నెల సగం గడిచిందో లేదో పొడి డబ్బా అడుగంటింది. అది దొరసాని తన చేత్తో వేయించి, తిరగలిలో విసిరి, బంగళా చెంచాతోనే తలగొట్టి కొలిచి నింపిన డబ్బా. రోజుకు నాలుగు గ్లాసులు, ఎనిమిది చెంచాలు, నెలకు సరిపడా. సగం పొడి ఏమైందని ఆమె కబురందుకుని బస్సు దిగి వచ్చి అడిగింది. గ్లాసుకు రెండు చెంచాలే వేశానని అక్క ఒట్టు పెట్టుకుంది. ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంది. రెండే వేస్తే మిగతాది ఇంటికి మోసుకుపోయినట్టే కదా.

అక్క నన్ను సాక్ష్యానికి పిలిచింది. నేను వెళ్ళాను. బంగళా వసారాలో దొరసాని కుర్చీలో కూర్చుని ఉంది, డబ్బా ఆమె కాళ్ళ దగ్గర ఉంది.

“నువ్వు ఎన్ని చెంచాలు చెప్పావమ్మా?” అని అడిగింది.

“రెండు.”

“గ్లాసుకు రెండేనా?”

“రెండే.”

అబద్ధం ఒక్కటీ లేదు. ఒక చెంచా తెప్పించి, కుప్పగా ఒకసారి, తలగొట్టి ఒకసారి ముంచి చూపిస్తే అర నిమిషంలో తేలిపోయేది. అప్పుడు, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని ఆమె అడుగుతుంది. ఊరంతా అడుగుతుంది. మా అత్త అడుగుతుంది. సిగ్గుపడి చెంచా అడగలేదు. ఇంత చిన్న సిగ్గు కోసం ఒక మనిషిని దొంగను చేయవచ్చునని ఎవరైనా చెబితే అంతకు ముందు నేను నమ్మేదాన్ని కాదు.

“సూడుండ్రి దొరసానీ, నేను సెప్పింది నిజమేగదా” అంది అక్క, నా మాటతో తాను గట్టెక్కినట్టే. దొరసానికి లెక్క తేలిపోయింది. రేపటి నుంచి రావద్దంది.

దొంగ అన్న మాట ఆమె కంటే ముందే వాడకట్టు చేరింది. ఇక ఎవరూ ఆమెను పనికి పిలవలేదు. వారం తిరగకుండానే తల్లిని ఎడ్లబండి ఎక్కించుకుని బిచ్కుందకు, ఆ వదిన ఇంటికే బయలుదేరింది. వెళ్ళే ముందు బండి మా ఇంటి ముందు ఆపించి దిగింది. నేను గడపలో నిలబడ్డాను. దగ్గరికి వచ్చి నా తల నిమిరింది.

“ఊరంత దొంగ అన్నది బిడ్డా. నా దిక్కు నిలబడనీకి నువ్వొక్కదానివే వచ్చినవు. నీ కడుపు సల్లగుండ” అంది.

నేను వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాను. పట్టుకున్నప్పుడైనా చెప్పవలసింది. ఆమె నన్ను లేపి, కొంగుతో నా కళ్ళు తుడిచింది, తన కోసం ఏడుస్తున్నాననుకుంది.

“పైలంగ పో అక్కా” అన్నాను. అంతే అన్నాను.